మందుపాతరల నిషేధం: కట్టుబాటుకు బలం ఉందా, ముప్పు లేనప్పటి ముచ్చటా?

శ్రావణి: దేశాల నడతను బలం, ముప్పు మాత్రమే కాదు, అందరూ ఒప్పుకున్న కట్టుబాట్లు కూడా నిర్ణయిస్తాయని నిర్మాణవాదులు అంటారు. మనుషులపై వాడే మందుపాతరలను నిషేధించిన 1997 నాటి ఒట్టావా ఒప్పందాన్ని ఆ వాదానికి రుజువుగా చూపిస్తారు. 2025లో లిథువేనియా, లాత్వియా, ఎస్టోనియా, ఫిన్లాండ్, పోలండ్ వైదొలుగుతామని నోటీసులిచ్చాయి. ఇంకా ఆ వాదం నిలుస్తుందా?

మధు: నిలవదు. రష్యా పక్కన ఉన్న దేశానికి భయం పుట్టగానే ఆయుధమే గుర్తొచ్చింది. కట్టుబాట్లన్నీ ముప్పు లేనంతసేపే.

వసుంధర: మధు గారూ, భయం సంగతి నిజమే. కానీ ఫిన్లాండ్ చేరింది 2012లో. అప్పుడూ అదే సరిహద్దు, వెయ్యి కిలోమీటర్లకు పైనే. అయినా చేరి, నిల్వ ఉన్న పదిలక్షలకు పైగా మందుపాతరలను ధ్వంసం చేసింది. సరిహద్దు ఒక్కటే అన్నీ నిర్ణయిస్తే ఆ పని ఎందుకు చేసినట్టు? 1990ల ముందు మందుపాతర చాలా సైన్యాలకు మామూలు సరుకు. యుద్ధం ముగిశాక కూడా అది పొలానికి వెళ్లేవాళ్ల కాళ్లు తీసేస్తోందని వైద్యులు, రెడ్‌క్రాస్, ప్రచార సంస్థలు గట్టిగా చెప్పాక దాని గురించి అడిగే ప్రశ్నే మారింది. "యుద్ధంలో ఉపయోగమా?" అనేది పోయి, "మనలాంటి దేశం ఇది వాడొచ్చా?" అనేది వచ్చింది.

కిరణ్: సంతకం చేయని దేశాలకు శిక్ష ఏమిటండీ? పరీక్షకు కావాలి.

వసుంధర: కిరణ్, చేరని దేశాన్ని ఒప్పందం కట్టడి చేయదు, అందుకే శిక్ష లేదు. అసలు చూడాల్సింది అక్కడే. అమెరికా ఎన్నడూ చేరలేదు. అయినా 2014లో కొరియా ద్వీపకల్పం బయట వాడబోమని ప్రకటించింది. 2020లో ఆ విధానం రద్దయింది, 2022లో మళ్లీ వచ్చింది. 2024లో ఉక్రెయిన్‌కు మందుపాతరలు ఇచ్చినప్పుడు, బ్యాటరీ అయిపోతే ఇవి పేలవని, జనావాసాల్లో పెట్టబోమని ఉక్రెయిన్ మాటిచ్చిందని చెప్పుకుంది. చట్టం అడగకపోయినా సంజాయిషీ ఇవ్వాల్సి వచ్చింది.

మధు: సంజాయిషీ చెబితే కట్టుబాటు గెలిచినట్టేనా? అలాగైతే మీ వాదం ఎప్పుడూ ఓడదు. 2012లో ఫిన్లాండ్‌కు ముప్పు తక్కువగా కనిపించింది, అంతే.

వసుంధర: ఓడిందని ఎప్పుడు ఒప్పుకుంటానో చెబుతాను. నోటీసూ లేకుండా, కారణమూ చెప్పకుండా పాతిపెట్టి, పక్క దేశాలు కూడా ఇదేం పని అని అడగకపోతే కట్టుబాటు చచ్చినట్టే. ఈ ఐదు దేశాలు అలా చేయలేదు. ఒప్పందంలో రాసిన ఆరు నెలల గడువు పాటించాయి, సామాన్యుల రక్షణకు కట్టుబడి ఉంటామని చెప్పాయి. కానీ బలహీనపడిందన్నది కాదనను. ఒకరి తర్వాత ఒకరు వెళితే వైదొలగడం మామూలైపోతుంది, తర్వాతి దేశం చెప్పాల్సిన కారణం చిన్నదవుతుంది.

శ్రావణి: ముప్పు "తక్కువగా కనిపించింది" అన్నారు కదా మధు గారూ. అలా కనిపించడానికి సరిహద్దు మారలేదు. మరి ఏం మారింది?

మధు: రష్యా క్రిమియాను కలిపేసుకోవడం, ఆ తర్వాత ఉక్రెయిన్‌పై 2022 దాడి. అవి కళ్లముందు జరిగినవి, ఊహలు కావు.

వసుంధర: జరిగినవే. కాకపోతే అదే దాడి చూసి నార్వే ఒప్పందంలోనే ఉండిపోయింది. దానికీ రష్యాతో సరిహద్దు ఉంది. దాన్ని మీరెలా వివరిస్తారో వినాలనుంది.