ఆదివారం వచ్చిన టికెట్‌కు పని గంటలు మైనస్‌లో వస్తున్నాయి, సరిచేయడం ఎలా?

పర్లాకిమిడిలోని మా సపోర్టు విభాగం సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా పనిచేస్తుంది. టికెట్ వచ్చిన సమయం A2లో, తొలి జవాబు ఇచ్చిన సమయం B2లో, ఒడిశా సెలవులు H నిలువు వరుసలో ఉంచి, ఎక్సెల్‌లో ఈ సూత్రం వాడుతున్నాను.

```
=(NETWORKDAYS.INTL(A2,B2,11,H$2:H$20)-1)*9/24+MOD(B2,1)-MOD(A2,1)
```

శనివారం సాయంత్రం 5:30కి వచ్చి సోమవారం 10 గంటలకు జవాబు పొందిన టికెట్‌కు సరిగ్గా గంటన్నర వస్తోంది. కానీ ఆదివారం మధ్యాహ్నం 3కి వచ్చి సోమవారం 11కి జవాబు పొందిన, అత్యధిక ప్రాధాన్యం గల P1 టికెట్‌కు 2 గంటలు రావలసిన చోట మైనస్ 4 గంటలు వచ్చి, గడిలో ##### కనిపిస్తోంది. మరీ బాధాకరమైన విషయం ఏమిటంటే, P1 గడువు ఒక గంటే అయినా, మైనస్ విలువ గడువుకన్నా తక్కువే కనుక ఆ టికెట్ గడువులోపే తేలినట్టు నమోదవుతోంది. రజ సంక్రాంతి సెలవుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే టికెట్లదీ ఇదే పరిస్థితి.

సెలవు రోజున గానీ, పని వేళలు దాటాక గానీ వచ్చిన టికెట్‌ను తరువాతి పనిదినం ఉదయం 9 గంటలకు వచ్చినట్టుగా లెక్కించేలా ఈ సూత్రాన్ని ఎలా మార్చాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరా?