కందపద్యంలో నాలుగో ఱ: ఒక చిన్న కథ, ఒక సందేహం

సత్యవతి (విజయనగరం): ఈ చిన్న కథ రాశాను. ముందు చదవండి, సందేహం చివర్న అడుగుతాను.

గంటస్తంభం దగ్గర సందులో ఉన్న ప్రెస్సులో పైడిరాజు పని నేర్చుకుంటున్నాడు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, సినిమా కరపత్రాలు తప్ప వేరే పని రాని ఆ ప్రెస్సుకి ఒకరోజు రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన వచ్చారు. మనవరాలిని పర్లాకిమిడిలో ఒడియా వాళ్లింట్లో ఇస్తున్నారట. శుభలేఖ వెనక వైపు తను రాసిన కందం వేయాలన్నారు.

ఏఱుల నీటికి నడకలు
నూఱుగ నున్నను కడలిని నొక్కటె యగునే
మాఱుచు నుండును బల్కులు
పాఱును మమతలు నెదలను భాషగ నొకటై

సాయంత్రానికి ప్రూఫు తీస్తే నాలుగో పాదం మొదట్లో ‘పా’ పక్కన అక్షరం లేదు. రెండు నల్లటి అడ్డగీతలు పడ్డాయి.

“ఇదేమిటయ్యా?” అన్నారు మాస్టారు.

“బండి ఱలు మూడే ఉన్నాయండి. నాలుగో దాని చోట వేరే అచ్చు తిరగేసి పెట్టాను. అవి దాని కాళ్లు,” అన్నాడు ఫోర్మన్ సింహాచలం. “మామూలు ర వేసెయ్యమంటారా?”

“మూడు పాదాల్లో ఱ వేసి నాలుగో దాంట్లో ర వేస్తే ప్రాస తప్పిందంటారు.”

“పోనీ నాలుగూ ర వేసేస్తాను.”

“అప్పుడు నాకు తెలుగు రాదంటారు. రేపు పొద్దున్న వస్తాను.”

సింహాచలం ఇంటికెళ్లిపోయాక పైడిరాజు అచ్చులుండే సొరుగు లాగి బల్ల మీద పెట్టాడు. గడిగడికీ అచ్చులు ఏరి పొట్లాలు కట్టాడు. ఖాళీ అయిన సొరుగు అడుగున పాత న్యూస్ పేపరు అతికించి ఉంది. వేలితో తడుముకుంటూ పోతే మూల గడిలో చిన్న బొడిపె తగిలింది. గడుల మధ్య చెక్క పలక వదులై, ఆ సందులోంచి ఒక అచ్చు కాగితం కిందికి జారిపోయింది. గోటితో కాగితం చించి తీశాడు. సీసం నల్లబడి ఉంది. లాంతరు దగ్గర పెట్టి చూస్తే తిరగబడ్డ ఱ.

పొద్దున్న సింహాచలం దాన్ని తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

“ఎక్కడ దొరికిందిరా?”

“కాగితం కిందండి.”

“నేను పనిలో చేరిన కొత్తల్లో ఇది పోయింది. పారేశానని అప్పటి ఫోర్మన్ నా జీతంలో ఎనిమిదణాలు కోసేశాడు,” అని అచ్చులు పేర్చే స్టిక్కు తీసుకున్నాడు.

కథ ఇంతే. శుభలేఖలో ఒక్క అక్షరం కోసం మాస్టారు ఇంత పట్టుబట్టడం నమ్మేలా ఉందా? నేను 1980 ప్రాంతంలో జరిగినట్టు అనుకున్నాను.

కిరణ్: బాగుంది మేడం. ఫోన్లో ఱ ఎక్కడుంటుందో నాకూ దొరకదు. ల్యాప్‌టాప్‌లో అయితే ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుని `Shift+J` కొట్టండి, వచ్చేస్తుంది.

సత్యవతి: నేను అడిగింది అది కాదు బాబూ. అయినా థాంక్స్, ఇంతసేపూ కాపీ పేస్టు చేస్తున్నాను.

శేషు: ర, ఱ పలకడంలో తేడా ఎప్పుడూ లేదండి. లాక్షణికులు పెట్టిన చాదస్తం అది. 1980లో ఏ మాస్టారైనా నాలుగూ ర వేసుకుని వెళ్లిపోతారు.

భారతి: శేషు గారూ, ఇప్పుడు తేడా లేదన్నంతవరకూ ఒప్పుకుంటాను. ఎప్పుడూ లేదంటే మాత్రం కాదు. మన నూఱు, ఆఱు తమిళంలో இప్పటికీ వేరే ఱతోనే రాస్తారు, ‘ఊరు’ అన్న మాటలో మాత్రం మామూలు ర వస్తుంది. నన్నయ, తిక్కనలు ప్రాసలో ఈ రెండూ కలపకుండా జాగ్రత్త పడ్డారంటే వాళ్ల చెవికి తేడా తెలిసుండాలి. చెవికి తేడా పోయిన తర్వాత ఏ మాటలో ఏ ర అన్నది గుర్తుపెట్టుకోవాల్సిన పని అయింది. లాక్షణికుడు అప్పకవి కాలానికి దీన్ని అంత విస్తారంగా చెప్పాల్సి వచ్చింది అందుకే. మాస్టారి పద్యంలో ఏఱు, నూఱు, మాఱు, పాఱు నాలుగూ బండి ఱ మాటలే. అంత ఏరుకుని ప్రాస కూర్చినాయన ర వేయించుకోరు. నాకు కథలో మాస్టారు నమ్మకంగానే ఉన్నారు. ‘యగునే’ మాత్రం ప్రశ్నలా వినబడుతోంది, ఒకటే అవుతుందా అని అడిగినట్టుంది.

శేషు: సరే, ఒకప్పుడు ఉందనుకుందాం. పెళ్లికొచ్చేవాళ్లకి అది ఎందుకు? నా ఓటు నాలుగు రలకే.

పద్మావతి: మా ఇంటిపేరు గుఱ్ఱం. మా తాతగారి దస్తావేజులో బండి ఱ, దాని కింద ఒత్తు కూడా బండి ఱే. నాన్నగారి సర్టిఫికెట్లో గుర్రం. నా ఆధార్‌లో ఇంగ్లీషు స్పెల్లింగే ఇంకోలా ఉంది. బ్యాంకులో ప్రతిసారీ టెన్షనే. ఇందులో ఏది సరైనదో ఎవరైనా చెప్తారా?

రమణమూర్తి (శ్రీకాకుళం): సత్యవతమ్మా, నేను చాలా ఏళ్లు చేత్తో కంపోజింగు చేసినవాణ్ని. కాగితం కిందికి అచ్చు జారడం నిజంగా జరిగేదే. అచ్చు తిరగేసి పెట్టడం కూడా సరిగ్గా రాశావు. పోయినదాని వెడల్పే ఉన్న అచ్చు ఏరి తిరగేస్తాం. తర్వాత అసలుది దొరికితే దీన్ని పీకి దాన్ని పెట్టెయ్యొచ్చు, లైను కదలదు. అదే సన్నటి ర పెట్టి ఉంటే లైనంతా వదులైపోయేది, స్పేసులు మళ్లీ సర్దుకోవాలి.

నీ కథలో ఒకటి లేదు. దొరికిన అచ్చు ఆ సెట్టుదేనా కాదా అని చూడకుండా ఎవరూ స్టిక్కులో పెట్టరు. ప్రతి అచ్చుకీ కాలి వైపు పక్కన ఒక గాడి ఉంటుంది. నాలుగు ఱలూ వరసగా నిలబెట్టి ఆ గాడి మీద గోరు పెట్టి లాగితే ఒకే గీతలో జారిపోవాలి. ఎక్కడైనా తట్టుకుందంటే అది వేరే ఫౌండ్రీ సరుకు, ముఖం కూడా తేడాగానే పడుతుంది. కుర్రాడి చేత ఆ పని చేయించు.

ఇంకోటి. ప్రూఫులో ఆ బండి ఱలు పక్క అక్షరాలకన్నా నల్లగా కొట్టొచ్చినట్టు పడతాయి. న, ల, ర లాంటివి రోజూ ట్రెడిల్ కింద నలిగి అరిగిపోయి ఉంటాయి. బండి ఱని ఎవరు వాడారు గనక అరగడానికి? అరిగిన వాటి వెనక పల్చటి కాగితం ముక్కలు అతికించి ఎత్తు సరిచేస్తే గానీ ముద్ర సమంగా రాదు. పద్యంలో నాలుగూ ‘ఱు’లే కావడం మీ మాస్టారి అదృష్టం. కొమ్ము విడిగా పక్కన చేర్చుకోవచ్చు. ‘ఱి’ కావాలంటే మా అచ్చుల సొరుగులో అది వేరే అచ్చు, ఈ దొరికిన ఱ దానికి పనికొచ్చేది కాదు.

సత్యవతి: గురువుగారూ, గాడి సంగతి ఇవాళే కలుపుతాను. నల్లగా పడటం కూడా. ‘యగునే’ మార్చాలంటే గణాలు కూర్చోవడం లేదు భారతి గారూ, చివర ఒక గురువు ఉండాలి కదా. ఎవరికైనా తడితే చెప్పండి.

అప్పలనాయుడు (పార్వతీపురం): మా వైపు చిన్నవాటిని ఏరు అనం, గెడ్డ అంటాం. గెడ్డ అని రాసుంటే ఈ ఱ గొడవే ఉండేది కాదు కదండీ.

భారతి: ప్రాసకి ఇంకో మూడు ‘డ్డ’లు మీరే ఇవ్వండి నాయుడు గారూ. ‘యగుగా’ అంటే ఎలా ఉంటుంది సత్యవతి గారూ?

శేషు: ‘యగుగా’ కన్నా ‘యగునే’ నయం. ర మీద నా మాట మాత్రం మారదు.