‘ప్రాక్టీస్ చేసుకునే అవకాశం ఇప్పించగలరు’: ఈ వాక్యం సరేనా?

నల్లగొండ విద్యార్థిని
అందరికీ నమస్కారం. నేను మూడేళ్ల ఎల్ఎల్‌బీ చదువుతున్నాను. నాలుగో సెమిస్టర్ పరీక్షలు అయిపోవస్తున్నాయి. సెలవుల్లో మా జిల్లా కోర్టులో ఒక పెద్ద వకీలు సార్ దగ్గర ఇంటర్న్‌షిప్ చేయాలని ఉంది. ఆయన తెలుగు ఇష్టంగా చదివే మనిషి అని విని, లేఖ తెలుగులోనే రాశాను. పైన ‘గౌరవనీయులైన సీనియర్ అడ్వకేట్ గారికి’ అని పెట్టాను. అసలు వాక్యం ఇది:

“సెమిస్టర్ సెలవుల్లో కొన్ని రోజులు తమ వద్ద ప్రాక్టీస్ చేసుకునే అవకాశం ఇప్పించగలరని ప్రార్థన.”

మా నాన్న చదివి, “ఎమ్మార్వో ఆఫీసులో పెట్టుకునే దరఖాస్తు లెక్కనే ఉంది బిడ్డా” అన్నారు. తేడా ఎక్కడ కొడుతోందో నాకు అందడం లేదు. చెప్పగలరా?

దేవరకొండ తెలుగు టీచర్
మీ నాన్నగారి చెవి మంచిది. తేడా ‘ఇప్పించగలరు’ దగ్గరుంది. ఇచ్చేది ఆయనే అయితే ‘ఇవ్వగలరు’. ఆయన చెబితే ఇంకొకరు ఇచ్చేదైతే ‘ఇప్పించగలరు’. కలెక్టరు గారికి పింఛను ఇప్పించమని రాస్తాం, ఎందుకంటే ఆయన ఉత్తర్వు వేస్తే కింది ఆఫీసు ఇస్తుంది. వకీలు గారు తన దగ్గర కూర్చోబెట్టుకోవడానికి ఎవరితో చెప్పించాలి? చేయించు, రాయించు, ఇప్పించు అనే మాటల్లో నడుమ ఎప్పుడూ ఇంకో మనిషి ఉంటాడు.

కోదాడ పెద్దాయన
నేను పట్టా పాస్‌బుక్ ఇప్పించగలరని తహసీల్దారుకు రెండుసార్లు రాసిన. ఇంకా రాలేదు. ఆ మాట తప్పు రాసినందుకే పక్కన పెట్టిన్రంటారా?

దేవరకొండ తెలుగు టీచర్
లేదు బాబాయ్, మీరు రాసిన చోట ఆ మాట సరిగ్గానే ఉంది. పని ఆగిన కారణం వేరే ఏదో ఉంటుంది, ఆఫీసుకు వెళ్లి అడగండి.

మహబూబ్‌నగర్ ఫైనల్ ఇయర్
అక్కా, ‘సీనియర్ అడ్వకేట్’ అని పెట్టడంలో తప్పేం లేదు. పదేళ్లు ప్రాక్టీస్ దాటితే సీనియర్ అడ్వకేటే. రూల్స్‌లో చదివాను.

మిర్యాలగూడ వకీలు
తమ్మీ, నువ్వు చదివింది సగమే. పదేళ్ల మాట ఉన్నది వేరే చోట. సెలవుల్లో విద్యార్థులను తీసుకోవడానికి ఒప్పుకునే, కనీసం పదేళ్ల అనుభవమున్న లాయర్ల పేర్లు జిల్లాలవారీగా స్టేట్ బార్ కౌన్సిల్ సేకరించాలని 2008 నాటి లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్‌లో ఉంది. సీనియర్ అడ్వకేట్ హోదా అలా రాదు. 1961 అడ్వకేట్స్ చట్టం 16వ సెక్షన్ కింద హైకోర్టో, సుప్రీంకోర్టో ఇస్తేనే వస్తుంది. మన బార్‌లో తలనెరసిన ప్రతివారినీ ‘మా సీనియర్’ అంటాం. అది మర్యాద మాట, హోదా కాదు.

ఇది పేరు గొడవ మాత్రమే కాదమ్మా, నీ పనికీ దీనికీ సంబంధం ఉంది. ఇంటర్న్‌షిప్ పేపరు కోసం నువ్వు వకీలు ఆఫీసులో క్లయింట్లతో మాట్లాడటం రెండుసార్లు గమనించి డైరీలో రాయాలి. కాగితాలు ఎలా తయారవుతాయో, దావా ఎలా దాఖలు చేస్తారో చూడాలి. ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ కూడా చూడాలి. హోదా ఉన్న సీనియర్ అడ్వకేట్ వకాలత్ వేయరాదు, క్లయింటు నుంచి నేరుగా కేసు తీసుకోరాదు, దావా డ్రాఫ్టు చేసే పని ఒప్పుకోరాదు. ఆయన దగ్గర వాదన తయారయ్యే తీరు బ్రహ్మాండంగా తెలుస్తుంది, కానీ నీ డైరీలో సగం పేజీలు ఖాళీగా ఉంటాయి. నువ్వు రాస్తున్నది జిల్లా కోర్టు వకీలుకే కదా, ఆయనకు ఆ హోదా లేకపోతే ‘గౌరవనీయులైన న్యాయవాది గారికి’ చాలు. లేని హోదా పెడితే చదివే ఆయనకే ఇబ్బందిగా ఉంటుంది.

ఇక ‘ప్రాక్టీస్’. అన్నిటికంటే ముందు మార్చాల్సింది అదే. పాట ప్రాక్టీస్, డ్రైవింగ్ ప్రాక్టీస్ అన్నట్టు నేర్చుకోవడం అనే అర్థంలో నువ్వు రాశావు. కోర్టు ఆవరణలో ఆ మాటకు ఒక్కటే అర్థం, వృత్తి చేయడం. బార్ కౌన్సిల్‌లో వకీలుగా ఎన్‌రోల్ కానివాళ్లకు ఆ హక్కు లేదు. అర్హత లేకుండా కోర్టులో ప్రాక్టీస్ చేస్తే ఆరు నెలల దాకా జైలు అని అదే చట్టం 45వ సెక్షన్ చెబుతుంది. నీ లేఖ చూసి ఎవరూ కేసు పెట్టరు, భయపడకు. కానీ కోర్టులో ఏ మాటకు ఎంత బరువుందో ఈ అమ్మాయికి ఇంకా తెలియదని మొదటి చూపులోనే అనిపిస్తుంది. ‘జూనియర్‌గా చేరాలని’ అనీ రాయకు. జూనియర్ అంటే ఎన్‌రోల్ అయినవాళ్లు.

దేవరకొండ తెలుగు టీచర్
అయితే ‘శిష్యరికం’ అని రాయొచ్చు కదండీ? చక్కని మాట, మనది. ‘తమ వద్ద నాలుగు వారాలు శిష్యరికం చేయాలని ఉంది.’ అందులో వినయమూ ఉంది, నేర్చుకోవడమూ ఉంది.

మిర్యాలగూడ వకీలు
మాట నాకూ ఇష్టమే టీచర్ గారూ. మా గురువు గారి దగ్గర నేను చేసింది శిష్యరికమే. ఆరేళ్లు ఆయన ఫైళ్లు మోసిన. నాలుగు వారాలకు ఆ మాట పెద్దదవుతుందేమో. పైగా కాలేజీకి ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో ఇంటర్న్‌షిప్ అనే ఉండాలి.

దేవరకొండ తెలుగు టీచర్
సర్టిఫికెట్‌లో ఉండనివ్వండి, లేఖలో శిష్యరికం ఉంటే ఏం పోతుంది? పాట నేర్చుకునే పిల్లలు నెల రోజులకే శిష్యులమని చెప్పుకోవడం లేదా? నా అభిప్రాయం మారలేదు.

మహబూబ్‌నగర్ ఫైనల్ ఇయర్
సార్, పదేళ్ల విషయం ఇప్పుడు అర్థమైంది, థ్యాంక్స్. మరి ‘ప్రార్థన’? అది కూడా తీసేయాలా?

మిర్యాలగూడ వకీలు
తప్పేమీ కాదు. కానీ దావా చివర మేం ఏమేం ఇప్పించమని కోర్టును అడుగుతామో, ఆ భాగాన్నే ‘ప్రార్థన’ అంటాం. రోజూ అవే కాగితాలు చదివే మనిషికి లేఖలోనూ అదే కనిపిస్తే పిటిషన్ చదివినట్టుంటుంది. ‘కోరుతున్నాను’ హాయిగా ఉంటుంది.

‘కొన్ని రోజులు’ కూడా మార్చు, తేదీలు వేయి. ఏ సంవత్సరంలోనైనా ఏకధాటిగా నాలుగు వారాలకు మించకూడదని రూల్. మీ మూడేళ్ల కోర్సుకు మొత్తం 12 వారాలు కావాలి. మే నెల పడకుండా చూసుకో. అప్పుడు సివిల్ కోర్టులకు వేసవి సెలవులు. ఎవరూ రాని హాలులో కూర్చొని ఏం రాస్తావు?

నల్లగొండ విద్యార్థిని
ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ నమస్కారాలు. మళ్లీ రాశాను, చూడండి. తేదీలు పరీక్షల టైమ్‌టేబుల్ చూసి నింపుతాను.

“గౌరవనీయులైన న్యాయవాది గారికి నమస్కారాలు. నేను ఎల్ఎల్‌బీ నాలుగో సెమిస్టర్ పూర్తి చేశాను. ఈ సెలవుల్లో ___ తేదీ నుంచి ___ తేదీ వరకు నాలుగు వారాలు మీ దగ్గర ఇంటర్న్‌షిప్ చేయాలని ఉంది. మీరు క్లయింట్లతో మాట్లాడేటప్పుడు పక్కన కూర్చొని వినడానికి, ఒక దావాను డ్రాఫ్టు నుంచి ఫైలింగ్ దాకా చూడటానికి, ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ గమనించడానికి అవకాశం ఇవ్వగలరని కోరుతున్నాను. చూసినవి కాలేజీ డైరీలో రాయాలి. క్లయింట్ల పేర్లు, వివరాల్లో ఏది రాయవచ్చో, ఏది రాయకూడదో మీరు చెప్పినట్టే నడుచుకుంటాను.”

‘తమ వద్ద’ తీసి ‘మీ దగ్గర’ పెట్టాను. మర్యాద తగ్గిందా?

దేవరకొండ తెలుగు టీచర్
తగ్గలేదు. ‘గారు’ ఉంది, ‘మీరు’ ఉంది, ‘ఇవ్వగలరు’ ఉంది. ఇంకేం కావాలి?

మిర్యాలగూడ వకీలు
చివరి వాక్యం నువ్వు సొంతంగా రాశావు చూడు, నేనైతే అది చదివి పిలుస్తా. డైరీలో క్లయింట్ల పేర్లు ఉన్నవి ఉన్నట్టు రాసుకొని కాలేజీలో ఇచ్చిన పిల్లలను చూసిన.

ఇంకొక్కటి. పొద్దున పదిన్నరకు కోర్టు వరండాలో ఇవ్వకు. కేసులు వరసగా పిలిచే కాల్ వర్క్‌కు ఉరికే టైమ్ అది, కాగితం ఏదో కేసు కట్టలో కలిసిపోతుంది. సాయంత్రం ఆరు దాటాక ఆఫీసుకు వెళ్లు. ముందు గుమాస్తా గారిని పలకరించి, సార్ ఖాళీగా ఉన్నారా అని అడిగి, అప్పుడు చేతికివ్వు.

కోదాడ పెద్దాయన
బిడ్డా, మా పాస్‌బుక్ సంగతి కూడా ఆ వకీలు సార్‌ను ఒకసారి అడుగుతవా?