లాట్ రిజెక్ట్ చేసినా ఎస్‌ఏపీలో సప్లయర్ స్కోరు 100 దగ్గరే ఉంది, MIGO లో 122 కూడా పోస్ట్ కావడం లేదు

శ్రీను (స్టోర్స్)
పొద్దున్నుంచీ దీని మీదే కూర్చున్నాను. ఎవరైనా చెప్పండి సార్. కంచు బుష్‌లు 1000 వచ్చాయి, సరుకు అందినట్టు 101 తో జీఆర్ వేశాం, ఇన్‌స్పెక్షన్ లాట్ దానంతటదే పుట్టింది. క్వాలిటీ వాళ్లు 80 ముక్కలు చూశారు. వాటిలో 3 లోపలి వ్యాసం ఎక్కువ. లాట్ రిజెక్ట్ చేశాం. వెనక్కి పంపుదామని MIGO లో 122 వేస్తే, ఇన్‌స్పెక్షన్ స్టాక్‌ని క్వాలిటీ మాడ్యూల్ క్యూఎం లోనే మార్చాలంటూ ఎర్రర్ ఇస్తోంది. సప్లయర్ మార్కులు లెక్కగట్టే ME63 నడిపితే ఆ సప్లయర్‌కి క్వాలిటీలో ఇప్పటికీ 100! నాసిరకం పంపినవాడికి నూటికి నూరా? అర్జెంటు, రేపు మధ్యాహ్నం వాళ్ల బండి వస్తోంది.

కిరణ్
లాట్‌కి ఇన్‌స్పెక్షన్ ప్లాన్ అంటుకోలేదు. QP03 లో ప్లాన్ యూసేజ్ 5, స్టేటస్ 4 ఉన్నాయా? ప్లాన్ చెల్లుబాటు తేదీ జీఆర్ తేదీ కంటే ముందుదేనా? లాట్ పరిమాణం ప్లాన్‌లో రాసిన పరిధిలోనే ఉందా? పరిధి పైహద్దు 999 అని వదిలేస్తే 1000 వచ్చిన రోజు ప్లాన్ దొరకదు, లాట్ CRTD దగ్గరే ఆగిపోతుంది.

శ్రీను (స్టోర్స్)
ప్లాన్ అంటుకుంది సార్. కొలతలన్నీ వచ్చాయి, QE51N లో రిజల్ట్స్ కూడా ఎక్కించాం. స్టేటస్ REL అని ఉంది.

మాధవి
లాట్ స్టేటస్ మొత్తం లైను ఇక్కడ పెట్టండి. REL ఒక్కటి చాలదు.

ప్రసాద్ (క్వాలిటీ)
అసలు విషయం స్టేటస్‌లో లేదు. 80 లో 3 దొరికాయి కాబట్టి 3 వెనక్కిస్తే సరిపోతుందని సప్లయర్ రేపు తప్పకుండా అడుగుతాడు, ఒప్పుకోవద్దు. ఐఎస్ 2500 మొదటి భాగం ప్రకారం, అంటే ఐఎస్‌ఓ 2859-1 ప్రకారమే, 501 నుంచి 1200 దాకా ఉన్న లాట్‌కి సాధారణ స్థాయి 2 లో కోడ్ అక్షరం J, శాంపిల్ 80. ఒప్పుకోగల లోపాల హద్దు, అంటే ఏక్యూఎల్, 1.0 అయితే 2 దాకా అంగీకారం, 3 దొరికితే లాటంతా తిరస్కారం. ఆ తీర్పు వెయ్యికీ వర్తిస్తుంది. చూడని 920 లో ఎన్ని చెడ్డవో ఎవరికీ తెలియదు. నన్నడిగితే 2 దాకా ఒప్పుకోవడమే తప్పు. ఐఏటీఎఫ్ 16949 లో గేజ్ శాంప్లింగ్‌కి అంగీకార హద్దు సున్నా. ఒక్కటి దొరికినా లాట్ వెనక్కే.

కిరణ్
ప్రసాద్ గారూ, అది ఆటోమొబైల్ సరఫరాదారులకు. ఇవి పంపు బుష్‌లైతే ఎంత ఏక్యూఎల్ పెట్టాలన్నది వాళ్లకూ సప్లయర్‌కూ మధ్య ఒప్పందం. సున్నా పెట్టమని ఎవరూ బలవంతం చేయలేరు.

ప్రసాద్ (క్వాలిటీ)
బలవంతమని నేననలేదు. 25 ఎంఎం H7 బోర్‌కి 21 మైక్రాన్లే సందు. అది దాటిన బుష్ షాఫ్ట్ మీద ఊగుతుంది. అక్కడ 2 వదిలేయొచ్చని ప్లాన్‌లో రాసుకోవడం నాకు నచ్చదు, అంతే. శ్రీను గారూ, మీ బోర్ ఎంత?

శ్రీను (స్టోర్స్)
25 H7 నే సార్, ప్లగ్ గేజ్‌తో చూశారు. నో-గో వైపు దూరిపోయిందట. మాధవి గారూ, స్టేటస్ లైనులో REL తర్వాత ఇంకో రెండు మూడు ఉన్నాయి, వాటిలో SPRQ ఒకటి.

మాధవి
UD ఉందా?

శ్రీను (స్టోర్స్)
లేదు మేడం. కానీ రిజెక్ట్ చేశాం కదా, QE51N లో ఎర్ర గుర్తు పడింది.

మాధవి
మీ రెండు చిక్కులకూ కారణం అదే. QE51N లో ఎర్ర గుర్తు పడితే ఆ ఒక్క కొలత తిరస్కారమైందని అర్థం. లాట్‌ని ఏం చేయాలో ఇంకా ఎవరూ తేల్చలేదు. ఆ నిర్ణయమే యూసేజ్ డెసిషన్, అంటే యూడీ, దాన్ని QA11 లో ఇవ్వాలి. ఇవ్వనంతవరకూ సరుకు ఇన్‌స్పెక్షన్ స్టాక్‌లోనే ఉంటుంది, దాన్ని MIGO తాకనివ్వదు. క్వాలిటీ స్కోరు కూడా యూడీ ఇచ్చినప్పుడే లాట్‌లో రాయబడుతుంది. యూడీ లేని లాట్ ME63 లెక్కలోకే రాదు, అందుకే పాత లాట్ల సగటు మాత్రమే కనిపిస్తోంది.

QA11 తెరిచి, స్టాక్ ట్యాబ్‌లో ఎంత పోస్ట్ చేయాల్సి ఉందో ముందు చూడండి. 1000 ఉందా?

శ్రీను (స్టోర్స్)
700 చూపిస్తోంది మేడం! 300 ఏమైంది?

వెంకట్
ఎవరో తీసి లైనుకిచ్చారు.

శ్రీను (స్టోర్స్)
అవును, ఇప్పుడే కనుక్కున్నాను. లైను ఆగిపోతుందంటే మొన్న రాత్రి షిఫ్టులో క్వాలిటీ వాళ్లే అదే ట్యాబ్‌లో 300 అన్‌రిస్ట్రిక్టెడ్‌కి పోస్ట్ చేశారట. ఇది ముందే చెప్పాల్సిందా?

మాధవి
చెప్పాల్సిందే. యూడీ ఇవ్వకముందే కొంత పరిమాణాన్ని విడుదల చేయడానికి సిస్టమ్ అనుమతిస్తుంది. ఆ 300 లాట్ చేతిలోంచి వెళ్లిపోయినట్టే, యూడీ దాన్ని వెనక్కి తేదు.

మిగిలిన 700 కి ఇలా చేయండి. QA11 లో తిరస్కార కోడ్ ఎంచుకుని, స్టాక్ ట్యాబ్‌లో రిటర్న్ డెలివరీ గడిలో 700 వేసి సేవ్ చేయండి. 122 ను సిస్టమే పోస్ట్ చేస్తుంది. కదలిక కారణం అడిగితే ఇవ్వాలి. SPCO స్టేటస్ వస్తే స్టాక్ పని అయిపోయినట్టు. పర్చేజ్ ఆర్డర్, అంటే పీఓ, చరిత్రలో 700 వెనక్కి వెళ్లినట్టు పడి, అంత పరిమాణం మళ్లీ రావాల్సినదిగా తెరుచుకుంటుంది. డెలివరీ పూర్తయిందన్న టిక్ పీఓ ఐటమ్‌లో ఉంటే తీసేయండి, లేకపోతే బదులు సరుకు రావాల్సినట్టు చూపించదు.

వెంకట్
రిటర్న్ గడిలో ఇప్పుడే వేయొద్దు. బండి రేపు వస్తుంది. ఈ రాత్రే 122 పడితే పుస్తకంలో సరుకు ఉండదు, గోడౌన్‌లో మాత్రం ఉంటుంది. బ్లాక్డ్ గడిలో 700 వేయండి, 350 పడుతుంది. బండి ఎక్కించేటప్పుడు MIGO లో పాత జీఆర్ డాక్యుమెంట్ రిఫరెన్స్‌తో 122, స్టాక్ రకం బ్లాక్డ్.

మాధవి
అలా చేసినా తప్పు కాదు వెంకట్ గారూ. అయితే బ్లాక్డ్‌కి వెళ్లాక ఆ సరుకు మీద క్యూఎం కాపలా ఉండదు. హక్కు ఉన్న ఎవరైనా 343 తో అన్‌రిస్ట్రిక్టెడ్ చేసేయొచ్చు. రాత్రి షిఫ్టులో ఏం జరిగిందో ఇప్పుడే చూశాం. నేనైతే యూడీనే రేపు బండి వచ్చాక ఇస్తాను. అప్పటిదాకా ఇన్‌స్పెక్షన్ స్టాకే దానికి భద్రం.

వెంకట్
అప్పుడు స్కోరు కూడా రేపే కదులుతుంది. సరే, ఒక రోజుతో మునిగేదేం లేదు.

కిరణ్
మరి 122 కాకుండా రిటర్న్ పీఓ పెడితే? మా దగ్గర తిరస్కారమంటే రిటర్న్ పీఓనే, 161 పడుతుంది.

మాధవి
దాన్ని తిరస్కారం అనడం వల్లే గందరగోళం. పాత పీఓ మూసేసి లెక్కలు తేలాక ఎప్పుడో బయటపడ్డ చెడ్డ సరుకుని విడిగా పంపడానికి రిటర్న్ పీఓ వాడతారు. ఇక్కడ బదులు సరుకు ఇదే పీఓ మీద రావాలి కాబట్టి 122 యే సరైనది.

కిరణ్
మా ఆడిటర్లు 161 నే అడుగుతారు. కంపెనీ పద్ధతిని బట్టి ఉంటుంది.

లత
మాది ఈఆర్‌పీ నెక్స్ట్. పర్చేజ్ రిసీట్‌లోనే అంగీకరించిన పరిమాణం, తిరస్కరించిన పరిమాణం విడివిడిగా వేస్తాం. తిరస్కరించింది వేరే గోడౌన్‌లోకి వెళ్తుంది. ఎస్‌ఏపీలో స్కోరు పరిమాణం మీద ఎందుకు కట్టరు? 700 వెనక్కి వెళ్తే 1000 కి 30 మార్కులు రావాలి కదా?

మాధవి
లత గారూ, ఇక్కడ లెక్క లాట్‌కి ఒకటి. ఇన్‌స్పెక్షన్ రకం సెటప్‌లో స్కోరుని యూడీ కోడ్ నుంచి తీసుకోమని పెట్టి ఉంటే, QS51 లో ఆ కోడ్‌కి రాసిన అంకే లాట్ స్కోరవుతుంది. 50 ముక్కల లాటైనా 1000 ముక్కల లాటైనా బరువు సమానం. నిజమే, పెద్ద లాట్ చెడితే తక్కువ శిక్ష పడినట్టుంటుంది. చిన్న చిన్న లాట్లుగా పంపే సప్లయర్‌కి ఒక్క తిరస్కారం పెద్దగా తగలదు కూడా.

శ్రీను గారూ, మీకు ఈ సప్లయర్‌వి మూల్యాంకన కాలంలో ఎన్ని లాట్లున్నాయి?

శ్రీను (స్టోర్స్)
ఇది కాక నాలుగు. అన్నీ 100.

మాధవి
తిరస్కార కోడ్‌కి స్కోరు 1 అని రాసి ఉంటే, నాలుగు వందలూ ఒకటీ కలిపి 401, ఐదుతో భాగిస్తే 80.2. ME63 మళ్లీ నడిపితే ఇన్‌స్పెక్షన్ ఉప ప్రమాణంలో 80 దగ్గర కనిపించాలి. నడపకపోతే పాత అంకే ఉంటుంది. ఇంకా 100 చూపిస్తే QA33 లో ఆ లాట్ స్కోరు చూడండి. తిరస్కార కోడ్‌కి ఎవరో 100 రాసి వదిలేసి ఉండొచ్చు. ఫిర్యాదుల ఉప ప్రమాణం వేరు. దానికి F2 నోటిఫికేషన్ ఉండాలి. లేకపోతే సప్లయర్ మీద ఫిర్యాదే లేనట్టు అక్కడ మంచి మార్కులు పడతాయి, మొత్తం క్వాలిటీ స్కోరు పైకి లాగుతుంది.

ప్రసాద్ (క్వాలిటీ)
ఆ 300 సంగతి ఎవరూ మాట్లాడరేం? అదే తిరస్కార లాట్‌లోవి! లైనులో బిగించకుండా ఉన్నవన్నీ ఆపి, ఒక్కోదాన్నీ ప్లగ్ గేజ్‌తో చూడాలి. స్కోరు తర్వాత చూసుకోవచ్చు.

వెంకట్
నిజం. 261 తో ఇష్యూ అయినవాటిలో వాడనివి 262 తో వెనక్కి తీసుకుని, చెడ్డవాటికి MIGO లో అదే జీఆర్ మీద 122, అన్‌రిస్ట్రిక్టెడ్ నుంచి. అవి క్యూఎం స్టాక్‌లో లేవు కాబట్టి ఎర్రర్ రాదు.

ప్రసాద్ (క్వాలిటీ)
బిగించేసినవి? బ్యాచ్ నంబరు పెట్టుకున్నారా ఈ బుష్‌లకి?

శ్రీను (స్టోర్స్)
బ్యాచ్ లేదు సార్. ఏ పంపులోకి ఏది వెళ్లిందో తెలీదు. ప్రొడక్షన్ వాళ్లతో మాట్లాడుతున్నాను.

ప్రసాద్ (క్వాలిటీ)
అయితే ఆ షిఫ్టులో కట్టిన పంపులన్నీ డిస్పాచ్ కాకుండా ఆపండి. ఉత్పత్తి ఆర్డర్‌కి 261 పడిన సమయం నుంచి చూస్తే ఏయే ఆర్డర్లో అయినా తెలుస్తుంది.

శ్రీను (స్టోర్స్)
బండి వచ్చింది. QA11 లో 700 రిటర్న్ వేశాం, SPCO వచ్చింది. ME63 లో 80. లైను నుంచి 212 తిరిగొచ్చాయి, గేజ్ పెడుతున్నారు. అందరికీ థాంక్స్. ఇంకొకటి, సప్లయర్ బిల్లు 1000 కి అకౌంట్స్ ముందే MIRO చేసేశారట. ఇప్పుడేం చేయాలి?

వెంకట్
MIRO లోనే క్రెడిట్ మెమో, అదే పీఓ మీద 700 కి. జీఎస్టీ వైపు సప్లయర్ క్రెడిట్ నోట్ ఇవ్వాలి. అకౌంట్స్ వాళ్లని అడగండి.

లత
మాధవి గారూ, చిన్న లాట్లు పెద్ద లాట్లు సమానమన్నారు కదా, పరిమాణం బరువుగా పెట్టే దారి ఎస్‌ఏపీలో ఏమైనా ఉందా? మా దగ్గర కూడా అదే తగాదా నడుస్తోంది.