అప్‌డేట్: బ్రిటన్ ఆఫర్‌లోని బాండు సంగతి

నా ప్రశ్న: “స్కిల్డ్ వర్కర్ వీసా ఆఫర్‌లో, రెండేళ్లలోపు మానేస్తే 9,000 పౌండ్లు తిరిగి కట్టాలని ఉంది. సంతకం చేయవచ్చా?”

అప్‌డేట్: మీరు చెప్పినట్టే ఆ మొత్తంలో ఏమేమి ఉన్నాయో విడివిడిగా అడిగాను. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ రుసుము, ఇమిగ్రేషన్ స్కిల్స్ ఛార్జ్ కూడా కలిపేశారు! ఆ రెండూ యజమానే భరించాలి, ఉద్యోగి నుంచి రాబట్టకూడదు. ఆ మాట రాయగానే మారుమాట లేకుండా తీసేశారు.

వీసా రుసుము, ఆరోగ్య సర్‌ఛార్జ్, విమాన టికెట్లు, తొలి నెల బస కలిపి 5,400 మిగిలాయి. వాటిని కాదనలేదు కానీ, నెలకు 225 చొప్పున తగ్గేలా రాయించుకున్నాను. 18 నెలలకు మానేస్తే 1,350 కడితే చాలు.

కంపెనీయే తొలగిస్తే ఏమీ కట్టనక్కరలేదన్న వాక్యానికి మాత్రం మూడు మెయిళ్లు పట్టాయి. నా అసలు భయం అదే. స్పాన్సర్‌షిప్ పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే ఇస్తారు, ఆ సమయంలో ఈ బాకీ కూడానా? నిన్న సంతకం చేశాను.