డాన్స్ పాఠాల వీడియోలకి 4కె అడగాలా, 60 ఫ్రేములు అడగాలా?

తకధిమి: నేను డాన్స్ నేర్పిస్తాను. పది నిమిషాల పాఠాలు కొన్ని తీయించి స్టూడెంట్లకి ఇద్దామని ఒక కెమెరామన్‌తో మాట్లాడితే "4కె కావాలా 1080పి చాలా, 25 ఫ్రేములా 50 ఆ 60 ఆ, బిట్‌రేట్ ఎంత ఉండాలి" అని వరసగా అడిగేశాడు. నాకేమీ అర్థం కాలేదు, రేపు చెప్తానని వచ్చేశాను. చూసేవాళ్లు ఎక్కువ మంది ఫోన్‌లోనే, కొందరు టీవీలో. అడుగులు, చేతివేళ్లు స్పష్టంగా కనిపించాలి, కొన్నిచోట్ల స్లోమోషన్ కూడా కావాలి. ఏం అడగాలో చెప్పండి.

గేమ్‌పిచ్చి: ఇందులో ఆలోచించేదేముంది, 4కె 60 అడిగేయండి. అన్నీ మ్యాక్సిమమ్ పెట్టిస్తే తర్వాత బాధపడక్కర్లేదు. 60 అయితే కదలికలో బ్లర్ కూడా రాదు.

రాత్రిఎడిటర్: సగం కరెక్ట్ బ్రదర్. డాన్స్‌కి ఎక్కువ ఫ్రేములు కావాలి, అది నిజం. కానీ బ్లర్ తగ్గించేది షట్టర్, ఫ్రేముల సంఖ్య కాదు. ఒక్కో ఫ్రేము కోసం షట్టర్ సెకనులో యాభయ్యో వంతు తెరిచి ఉంటే, ఆ కాసేపట్లో చెయ్యి ఎంత దూరం కదిలితే అంత మేర సాగినట్టు పడుతుంది. వందో వంతే తెరిస్తే సాగడం సగమవుతుంది, లోపలికొచ్చే వెలుతురూ సగమవుతుంది. గదిలో లైటింగ్ అంతంతమాత్రంగా ఉంటే కెమెరా ఆ లోటుని ఐఎస్ఓ అనే సున్నితత్వం సెట్టింగ్ పెంచి పూడుస్తుంది, దాంతో బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు గ్రెయిన్ వస్తుంది.

మేడం, మీ విషయంలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది స్లోమోషన్. సెకనుకి 50 ఫ్రేములు తీసి 25 ఫ్రేముల వీడియోలో పెడితే వేగం సరిగ్గా సగమై, ప్రతి ఫ్రేమూ కెమెరా నిజంగా చూసిందే ఉంటుంది. అదే 25 తీసి సగం వేగానికి లాగితే ఎడిటర్ ఒక్కో ఫ్రేముని రెండుసార్లు చూపించాలి, అప్పుడు కుదుపులు. లేదంటే సాఫ్ట్‌వేర్‌తో మధ్యలో ఫ్రేములు పుట్టించాలి. చేతులు ఒకదాని మీదుగా ఒకటి వెళ్లే చోట అలా పుట్టించిన వేళ్లు అతుక్కుపోయి వింతగా కనిపిస్తాయి, ముద్రలు నేర్పే వీడియోలో అది అస్సలు పనికిరాదు. కాబట్టి 50 గానీ 60 గానీ, అదీ తీసేటప్పుడే కావాలని చెప్పండి. తర్వాత కలపడం కుదరదు.

తకధిమి: ఇది అర్థమైంది. మరి ఫోన్‌లో చూసేవాళ్లకి 4కె వల్ల లాభం ఉంటుందా?

రాత్రిఎడిటర్: చూసేవాళ్లకి పెద్దగా ఉండదు, మీకు ఉంటుంది. 4కె అంటే 3840 × 2160, 1080పి అంటే 1920 × 1080. అంటే 4కె ఫ్రేములో నాలుగో వంతు కత్తిరించుకున్నా 1080పి బొమ్మ పూర్తిగా వస్తుంది. ఒక్క కెమెరాతో నిలువెత్తు షాట్ తీసి, అదే టేక్ నుంచి పాదాల క్లోజప్ కోసుకోవచ్చు, మీరు ఒకే అడుగుని రెండుసార్లు చేసి చూపించక్కర్లేదు. అందుకని షూటింగ్ 4కెలో, ఇచ్చే ఫైలు 1080పిలో అడగండి. కొన్ని కెమెరాలు 4కెలో 50 లేదా 60 తీయలేవు, కొన్ని తీసినా ఫ్రేము చుట్టూ కొంత కోసేస్తాయి. మీ వాడి కెమెరా సంగతి ముందే కనుక్కోండి. రెండూ కుదరకపోతే నేనైతే 4కె వదులుకుని ఫ్రేములు ఉంచుకుంటా.

లెన్స్‌బాబాయ్: 60 వద్దమ్మా, 50 అడుగు. మీ దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ అయితే మామూలు లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి. 60 పెట్టి షట్టర్ 1/120 లో ఉంచితే గోడ మీద చారలు పాకుతాయి. అవి కంప్యూటర్‌లో చేరాక పోగొట్టడం నరకం.

గేమ్‌పిచ్చి: 60లోనే షట్టర్ 1/100 పెడితే చారలు రావు కదా బాబాయ్? పైగా చాలా ఫోన్ల స్క్రీన్ 60 హెర్ట్జ్, దాని మీద 50 ఫ్రేముల వీడియో అప్పుడప్పుడు చిన్నగా తడబడుతుంది.

లెన్స్‌బాబాయ్: రావులే. కానీ ఆటోలో వదిలేసే కెమెరామన్‌లని చాలామందిని చూశాను, అందుకే 50 అంటాను.

స్లైడ్‌మాస్టర్: నేను లెక్కల పాఠాలు రికార్డ్ చేస్తాను, స్క్రీన్ మీద స్లైడ్లు, మూలన నా మొహం. 25 ఫ్రేములు, తక్కువ బిట్‌రేట్, అయినా అక్షరాలు అద్దంలా ఉంటాయి. ఫోన్‌లో చోటు కూడా మిగులుతుంది. మీరంతా అనవసరంగా పెద్ద ఫైళ్లు చేయిస్తున్నారు.

రాత్రిఎడిటర్: మీ స్లైడు కదలదు సార్, అదీ కిటుకు. బిట్‌రేట్ అంటే ఒక్కో సెకను వీడియోకి ఖర్చు పెట్టే బిట్లు, అంటే డేటా. ముందు ఫ్రేముకీ ఈ ఫ్రేముకీ మధ్య మారినదాన్ని రాసుకోవడానికే బిట్లు ఎక్కువ ఖర్చవుతాయి. స్లైడులో దాదాపు ఏమీ మారదు. డాన్స్‌లో బట్టల మడతలు, జుట్టు, నీడలు అన్నీ మారుతుంటాయి. ఇందాక చెప్పిన గ్రెయిన్ ఉంటే ప్రతి చుక్కా మారుతుంది, బిట్లన్నీ దానికే పోయి వేళ్లకి మిగలవు. తక్కువ బిట్‌రేట్‌లో 4కె కన్నా సరిపడా బిట్‌రేట్ ఉన్న 1080పి బాగుండేది అందుకే.

యూట్యూబ్ అప్‌లోడ్‌కి సూచించేది 1080పిలో 50, 60 ఫ్రేములకి 12 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 12 మెగాబిట్లు; 25, 30 కి అయితే 8. మేడం డాన్స్ కాబట్టి నేను 20 దాకా అడుగుతాను. లెక్క తేలికే: ఎంబీపీఎస్‌ని సెకన్లతో గుణించి 8తో భాగిస్తే ఎంబీలు వస్తాయి. పది నిమిషాలంటే 600 సెకన్లు, 20 ఎంబీపీఎస్ అయితే 1500 ఎంబీ. కెమెరాలో 4కె 100 ఎంబీపీఎస్‌తో తీస్తే అదే పది నిమిషాలు 7500 ఎంబీ. ఆ ఒరిజినల్స్ కూడా హార్డ్ డిస్క్‌లో ఇవ్వమనండి. బాగా కుదించేసిన ఫైలుకి తర్వాత బిట్‌రేట్ పెంచినా సైజు పెరుగుతుంది తప్ప పోయిన వివరం తిరిగి రాదు.

తకధిమి: వాడు ఇచ్చింది సరిగ్గా ఉందో లేదో నేనెలా కనిపెట్టేది?

రాత్రిఎడిటర్: పని ఒప్పుకునే ముందే, అదే గదిలో అదే లైట్లతో మీ అత్యంత వేగమైన అడుగుని 20 సెకన్లు తీసి ఎడిట్ చేసి ఇమ్మనండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే మళ్లీ కుదించేస్తుంది, డ్రైవ్ లింక్ అడగండి. కంప్యూటర్‌లో వీఎల్‌సీలో తెరిచి, కదలిక జోరుగా ఉన్న చోట పాజ్ చేసి `e` నొక్కుతూ ఒక్కో ఫ్రేమే చూడండి. వేళ్లు కదిలిన దిక్కులో సాగి ఉంటే షట్టర్ సమస్య. చదరాలు చదరాలుగా విరిగితే బిట్‌రేట్ చాలలేదు. మామూలు వేగంలో ఉన్న చోట ఫ్రేములు జంటలుగా ఒకేలా వస్తుంటే, 25 తీసి 50 అని అంటగట్టారన్నమాట.

తకధిమి: సరే, ఇలా పంపుతున్నాను: "షూటింగ్ 4కె 50, షట్టర్ 1/100, మాన్యువల్‌లో. ఇచ్చే ఫైలు 1080పి 50, సుమారు 20 ఎంబీపీఎస్. స్లోమోషన్ సగం వేగం. ముందు 20 సెకన్ల శాంపిల్."

రాత్రిఎడిటర్: ఒక్క తిరకాసు ఉంది. ఫైలే 50 ఫ్రేములు కావాలంటే, 50లో తీసిన స్లోమోషన్ ముక్కలు అందులో 25 ఫ్రేముల్లాగే కనిపిస్తాయి. పాఠం మొత్తం 25లో ఇస్తే ఆ తేడా తెలీదు గానీ మామూలు వేగంలో అడుగుల మృదుత్వం కొంచెం పోతుంది. రెండూ కావాలంటే స్లోమోషన్ ముక్కలు మాత్రం 100లో తీయాలి, అక్కడ 4కె దొరక్కపోవచ్చు.

లెన్స్‌బాబాయ్: పాఠానికి 25 చాలమ్మా.

గేమ్‌పిచ్చి: చాలదు. శాంపిల్ రెండు రకాలుగా చేయించండి.

తకధిమి: రెండు రకాలుగానే అడిగాను. వచ్చాక ఫైళ్లు ఇక్కడే పెడతాను.