డీసీఎం 60 మి.లీ. ఒకేసారి పోయాలా, 20 చొప్పున మూడుసార్లా?

లావణ్య (బీఎస్సీ రెండో ఏడాది)

నమస్కారం అండి. వచ్చే వారం ప్రాక్టికల్స్‌లో మాకు టీపొడి నుంచి కెఫీన్ తీసే ప్రయోగం ఉంది. 10 గ్రాముల టీపొడిని సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో మరిగించి, వడగట్టి, చల్లార్చితే సుమారు 100 మి.లీ. డికాక్షన్ వస్తుంది. దాన్ని సెపరేటింగ్ ఫన్నెల్‌లో పోసి డైక్లోరోమీథేన్‌తో, అంటే డీసీఎంతో, కెఫీన్ లాగాలి. రికార్డులో 20 మి.లీ. చొప్పున మూడుసార్లు అని ఉంది. 60 మి.లీ. ఒకేసారి పోసేస్తే పని తొందరగా అయిపోతుంది కదా? మొత్తం ద్రావణి అంతే, పార్టిషన్ కోఎఫిషియెంట్ కూడా మారదు. వైవాలో ఇదే అడుగుతారని సీనియర్లు అంటున్నారు. "మూడుసార్లయితే ఎక్కువ వస్తుంది" అనడం తప్ప ఎందుకో చెప్పలేకపోతున్నాను. టెన్షన్‌గా ఉంది.

కిరణ్

బట్టలు జాడించడం లాంటిదే. ఒక్క బకెట్ నిండా నీళ్లలో ఒకసారి ముంచి తీస్తే సబ్బు పోదు, అవే నీళ్లను మూడు సార్లుగా వాడితే పోతుంది. కొత్తగా పోసిన డీసీఎంలో కెఫీన్ ఉండదు కాబట్టి అది బాగా లాగుతుంది. మొదటి 20 మి.లీ. కెఫీన్‌తో నిండిపోయి ఇక పట్టదు, అందుకే తీసేసి కొత్తది పోస్తాం.

రాజ్యలక్ష్మి (రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్)

కిరణ్, కొత్త ద్రావణి సంగతి సరిగ్గానే చెప్పావు. "నిండిపోయి" అన్నది మాత్రం సరికాదు. గది ఉష్ణోగ్రత దగ్గర ఒక మి.లీ. డీసీఎంలో సుమారు 140 మి.గ్రా. కెఫీన్ కరుగుతుంది. అంటే 20 మి.లీ.లోనే దాదాపు 2.8 గ్రాములు పడుతుంది. 10 గ్రాముల టీపొడిలో ఉండేదే 300 మి.గ్రా. అటూ ఇటూ. అది నిండే ప్రసక్తే లేదు. చోటు ఉన్నా సరే, కెఫీన్ మొత్తం అందులోకి వెళ్లదు, ఎందుకంటే రెండు పొరల మధ్య సమతాస్థితి ఏర్పడగానే మార్పిడి ఆగిపోతుంది.

లావణ్యా, నువ్వన్న పార్టిషన్ కోఎఫిషియెంటే K. అది స్థిరపరిచేది రెండు పొరల్లోని గాఢతల నిష్పత్తిని. ఎంత శాతం బయటికి వస్తుందో అది చెప్పదు. చేతిలెక్కకు వీలుగా K = 5 అనుకుందాం. కలిపి నిలబెట్టాక, డీసీఎం పొరలో మి.లీ.కి ఉన్న కెఫీన్ నీటి పొరలో మి.లీ.కి ఉన్నదానికి 5 రెట్లు ఉంటుంది. నీళ్లలో మిగిలే భాగం ఇలా వస్తుంది:

```
మిగిలే భాగం = V(నీరు) / (V(నీరు) + K × V(డీసీఎం))
```

60 మి.లీ. ఒకేసారి పోస్తే 100/(100 + 300), అంటే నాలుగో వంతు మిగిలిపోతుంది. 300లో 75 మి.గ్రా. నీళ్లలోనే ఉండిపోతుంది. 20 మి.లీ. పోస్తే 100/(100 + 100), అంటే సగం మిగులుతుంది. మొదటిసారికి 150, రెండోసారికి 75, మూడోసారికి 37.5 మి.గ్రా. 40 మి.లీ. అయ్యేసరికే ఒకేసారి 60 పోసినప్పటి ఫలితం వచ్చేసింది చూడు. ఆఖరి 20 మి.లీ. తెచ్చిన 37.5 మి.గ్రా. నీకు అదనం.

వైవాలో ఇలా చెప్పు. ఒకేసారి పోసినప్పుడు 60 మి.లీ. మొత్తం, చివరికి నీళ్లలో మిగిలిన 75 మి.గ్రా.తో సమతాస్థితిలో ఉంటుంది. విడివిడిగా పోస్తే మొదటి 20 మి.లీ. నీళ్లలో ఇంకా 150 మి.గ్రా. ఉండగానే, అంటే తాను ఎక్కువ గాఢంగా ఉండగానే బయటికి వచ్చేస్తుంది. తర్వాత పోసినది సున్నా నుంచి మొదలవుతుంది. మారనిది K, ప్రతిసారీ మారేది నీళ్లలోని గాఢత.

వెంకట్ (బల్క్ డ్రగ్ ప్లాంట్, ప్రొడక్షన్)

ఏ పొర పారబోయాలో తెలియక మా దగ్గర కొత్తగా చేరినవాళ్లు తికమక పడుతుంటారు. మేం వాడేది ఇథైల్ ఎసిటేట్. అది పైన తేలుతుంది. ప్రతిసారీ కింది నీళ్లు దించి, పై పొర తీసి, నీళ్లు మళ్లీ లోపలికి పంపాలి. పని పూర్తయ్యేదాకా ఏ పొరనూ పారబోయొద్దు. అనుమానం వస్తే రెండు చుక్కల నీళ్లు వేసి, ఏ పొరలో కలుస్తున్నాయో చూడండి.

రాజ్యలక్ష్మి

వెంకట్ గారూ, అమ్మాయి అడిగింది అది కాదు గానీ, మీరన్నది ఇక్కడ పనికొస్తుంది. డీసీఎం సాంద్రత 1.33, అడుగున చేరుతుంది. కాబట్టి లావణ్య డికాక్షన్‌ను ఫన్నెల్‌లోంచి కదపాల్సిన పనే లేదు. కింద దించడం, పైనుంచి కొత్తది పోయడం, అంతే. మూడుసార్లు చేయడం ఈ ప్రయోగంలో పెద్ద శ్రమేమీ కాదు.

లావణ్య

ఇప్పుడు అర్థమైంది మేడమ్. అయితే 10 చొప్పున ఆరుసార్లు చేస్తే ఇంకా మంచిది కదా? మూడు దగ్గరే ఎందుకు ఆపారు?

రాజ్యలక్ష్మి

అదే సూత్రంలో వేసి చూడు. 10 మి.లీ.కి ప్రతిసారీ మూడింట రెండు వంతులు మిగులుతుంది. ఆరుసార్లకు చివరికి సుమారు 8.8 శాతం, అంటే 26 మి.గ్రా. మూడుసార్లకు మిగిలింది 12.5 శాతం. కష్టం రెట్టింపైతే లాభం 11 మి.గ్రా. 60 మి.లీ.ని ఎన్ని ముక్కలు చేసినా మిగిలేది 5 శాతం కంటే కిందికి దిగదు.

ఇక చేతిలో పోయే నష్టం వేరే ఉంది. టీ డికాక్షన్‌ను గట్టిగా గిలకొడితే రెండు పొరల మధ్య గోధుమరంగు నురగలాంటి ఎమల్షన్ కడుతుంది, గంట గడిచినా విడదు. కార్బొనేట్ వేసేది టానిన్లు లవణాలుగా మారి నీళ్లలోనే ఉండిపోవడానికి. కానీ ఆ లవణాలే సబ్బులా పనిచేసి ఎమల్షన్ కట్టడానికీ తోడ్పడతాయి. అందుకని ఫన్నెల్‌ను నెమ్మదిగా తలకిందులు చేస్తూ రెండు మూడు నిమిషాలు తిప్పు, కుదపొద్దు. ఎమల్షన్ కడితే కాస్త ఉప్పు వేసి మెల్లగా తిప్పి, నిలబెట్టు.

డికాక్షన్ పూర్తిగా చల్లారాకే డీసీఎం పోయాలి. అది 40 డిగ్రీలకే మరుగుతుంది. వెచ్చటి డికాక్షన్‌లో పోస్తే ఆవిరి ఒత్తిడికి బిరడా ఎగిరిపోతుంది. తలకిందులు చేసిన ప్రతిసారీ, కాడను మనుషుల వైపు కాకుండా ఫ్యూమ్ హుడ్ లోపలికి తిప్పి, కుళాయి తెరిచి ఆవిరి వదలాలి. కిందికి దించే ముందు బిరడా తీయాలి, లేకపోతే ధార మధ్యలో ఆగిపోతుంది.

వెంకట్

మేడమ్, నేనైతే 15 చొప్పున నాలుగుసార్లు చేయమంటాను. మిగిలేది 10.7 శాతానికి తగ్గుతుంది.

రాజ్యలక్ష్మి

తేడా 5 మి.గ్రా. ఇంకోసారి కలిపి దించేటప్పుడు మధ్య పొర దగ్గర వదిలేసేదే అంతకంటే ఎక్కువ కావచ్చు. చేయి తిరిగినవాళ్లకు మీ మాట నిజమే కావచ్చు, కాదనను.

కిరణ్

అసలు K 5 అని ఎలా తెలుసు మేడమ్? నీళ్లలో కెఫీన్ మి.లీ.కి 22 మి.గ్రా. కరుగుతుందని చదివాను. 140ని 22తో భాగిస్తే 6 దాటుతుంది.

రాజ్యలక్ష్మి

5 అన్నది లెక్క కోసం తీసుకున్నదే. ద్రావణీయతల నిష్పత్తి ఒక అంచనా మాత్రమే. సంతృప్త ద్రావణాల దగ్గర ఉన్న పరిస్థితి ఇంత పలచటి ద్రావణంలో ఉండాలని లేదు, పైగా ఇక్కడ కార్బొనేట్ కూడా ఉంది.

కావాలంటే మీరే చూడొచ్చు. మూడు 20లనూ కలపకుండా వేర్వేరు ఫ్లాస్కుల్లోకి దించి, నిర్జల సోడియం సల్ఫేట్‌తో తడి తీసి, వడగట్టి, హుడ్‌లో వాటర్‌బాత్ మీద ఆవిరి చేసి తూచండి. రెండోదాని బరువును మొదటిదాని బరువుతో భాగిస్తే, ఒక్కోసారికి మిగిలే భాగం వస్తుంది. అది 0.5 అయితే K 5, 0.45 అయితే సుమారు 6.

లావణ్య

మొదటి 20లో కొంత డీసీఎం నీళ్లలోనే కరిగిపోతుంది కదా మేడమ్, అప్పుడు దించేది 20 కంటే తక్కువే. పైగా ఆరబెట్టాక పచ్చగా కనిపించే పదార్థం బరువు కూడా అందులో కలుస్తుంది. ఆ నిష్పత్తిని నమ్మొచ్చా?

రాజ్యలక్ష్మి

పచ్చదనం క్లోరోఫిల్‌ది, చాలావరకు మొదటి ఫ్లాస్కులోకే వస్తుంది. ఆ బరువు కలిస్తే నిష్పత్తి తగ్గి K ఎక్కువగా కనిపిస్తుంది. మూడోదాన్ని రెండోదానితో భాగించి కూడా చూడు. రెండు నిష్పత్తులూ దగ్గరగా వస్తే నమ్మొచ్చు. రాకపోతే ఆ మూడు బరువులూ ఇక్కడ పెట్టు, చూద్దాం.